నాలుగు నెలలకి రెండు లక్షలు కావాలి: పాలసీ మీద తీసుకోవాలా, షేర్ల మీదా, పర్సనల్ లోనా?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా అడిగేది రొయ్యల చెరువులవాళ్లు. తర్వాత టీచర్లు, ఆ తర్వాత దాళ్వా ధాన్యం డబ్బు ఇంకా పడనివాళ్లు. అడిగే తీరు అందరిదీ ఒకటే. "డబ్బు వచ్చేది ఖాయమండి, ఈలోగా సర్దుకోవాలి. బ్యాంకువాళ్లు పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్ చేస్తున్నారు, తీసేసుకోమంటారా?"

జవాబు ఒక మనిషి లెక్కతోనే చెబుతాను. నాకు తమ్ముడి వరసయ్యే అతను పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలంలో రెండెకరాల చెరువు లీజుకి తీసుకుని రొయ్య వేశాడు. వేసిన వెంటనే మేతకి డబ్బు చాలదని తేలిపోయింది. రెండు లక్షలు కావాలి. పట్టుబడి అయ్యి, కొన్నవాళ్ల దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేసరికి నాలుగు నెలలు. అతని దగ్గర పన్నెండేళ్లుగా కడుతున్న ఎల్‌ఐసీ ఎండోమెంట్ పాలసీ ఉంది. డీమ్యాట్‌లో ఐదు లక్షల విలువైన షేర్లున్నాయి. బ్యాంకు నుంచి పర్సనల్ లోన్ ఆఫరూ ఉంది.

బంగారం సంగతి అడుగుతారని తెలుసు. అది అప్పటికే పంట లోన్ కింద బ్యాంకులో ఉంది. మన వైపు ఇళ్లలో అది మామూలే.

## 1. ముందు రెండు తేదీలు రాయండి

వడ్డీ శాతం తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం మీద రెండు తేదీలు రాయండి. ఒకటి, అన్నీ సవ్యంగా జరిగితే డబ్బు వచ్చే తేదీ. రెండోది, తేడా వస్తే వచ్చే తేదీ.

మా తమ్ముడు మొదటి తేదీ టకీమని చెప్పాడు. రెండోది అడిగితే కాసేపు మాట్లాడలేదు.

"రొయ్యకి వైట్ స్పాట్ రోగం వస్తే ఏం చేస్తావురా?"

"డెబ్బై రోజులకే పట్టేయాలి అన్నయ్యా. చిన్న సైజు రొయ్యకి ఏమొస్తుంది, మేత బాకీకే సరిపోతుంది. ఇంకో పంట దాకా ఆగాలి."

అంటే మంచి తేదీ నాలుగు నెలలు, చెడ్డ తేదీ పది నెలలు. అసలు ప్రశ్న ఇప్పుడు బయటపడింది. ఈ మూడు అప్పుల్లో ఏది పది నెలలు సాగినా మనిషిని నిలబెడుతుంది? నాలుగు నెలల ఖర్చు మూడింటిలోనూ భరించదగ్గదే. తేడా అంతా చెడ్డ తేదీ దగ్గర తెలుస్తుంది.

## 2. పాలసీ మీద ఎంత వస్తుందో బ్రాంచిలో అడగండి

బాండు మీద ఐదు లక్షలు అని ఉంటుంది. దాన్ని చూసి లెక్కలు వేసుకోవద్దు. ఇప్పటిదాకా కట్టిన ప్రీమియం మొత్తాన్ని చూసి కూడా వేసుకోవద్దు. పాలసీని ఈ రోజు వదిలేసుకుంటే ఎంత ఇస్తారో అది సరెండర్ వాల్యూ. లోన్ దాని మీదే. ప్రీమియం సరిగా కడుతున్న పాలసీకి ఎల్‌ఐసీలో అందులో 90 శాతం వరకు ఇస్తారు. ప్రీమియం ఆపేసి పెయిడప్ అయిన పాలసీకైతే 85 శాతం వరకు.

మా తమ్ముడు పన్నెండేళ్లలో కట్టింది సుమారు 2,94,000. బ్రాంచిలో చెప్పిన సరెండర్ వాల్యూ 2,60,000. అందులో 90 శాతం 2,34,000. రెండు లక్షలకి సరిపోయింది.

ఇదే పాలసీ మూడేళ్లదై ఉంటే కథ వేరు. మొదటి ఏళ్లలో సరెండర్ వాల్యూ కట్టినదాంట్లో మూడోవంతు చుట్టుపక్కలే ఉండొచ్చు. డెబ్బై వేలు కట్టి, నలభై వేల లోన్ వస్తుందనుకుని వెళ్లి ఇరవై వేలతో తిరిగొచ్చినట్టు ఉంటుంది.

బ్రాంచికి వెళ్లేముందు ఇవి చూసుకోండి:

- అది టర్మ్ పాలసీ కాకూడదు. దానికి సరెండర్ వాల్యూ ఉండదు, లోనూ ఉండదు. ప్రీమియాన్ని మార్కెట్‌లో పెట్టే యూలిప్ మీద కూడా కంపెనీ లోన్ ఇవ్వదు.
- ప్రీమియం బాకీ ఉందా? పెయిడప్ కాని పాలసీకి బాకీ ఉంటే ముందు అది కట్టి పాలసీని నిలబెట్టాలి.
- ఇంతకుముందు ఇంటి లోన్ కోసం ఈ పాలసీని ఏ బ్యాంకుకైనా రాసిచ్చారా? రాసిచ్చి ఉంటే ఆ బ్యాంకు తిరిగి మీ పేర రాసిచ్చేదాకా ఇక్కడ పని జరగదు.
- అసలు బాండు ఇంట్లో ఉందా? బీరువాలో ఉందనుకుంటాం, తీరా చూస్తే జిరాక్సే ఉంటుంది. బాండు పోతే డూప్లికేట్ తెచ్చుకోవాలి. దానికి పట్టే రోజులు మేతకి ఆగవు.

## 3. మూడింటికీ ఖర్చు రూపాయల్లో రాయండి

శాతాలు పక్కన పెట్టి, రెండు లక్షలు నాలుగు నెలలు వాడుకుంటే జేబులోంచి ఎంత పోతుందో చూద్దాం. కింద నేను వేసిన రేట్లు లెక్క కోసం మాత్రమే. మీకు చెప్పిన రేట్లు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి.

పాలసీ లోన్, ఏడాదికి 9.5 శాతం. నాలుగు నెలలకి 6,333 అవ్వాలి. కానీ కాదు. ఎల్‌ఐసీ లోన్‌కి కనీసం ఆరు నెలల వడ్డీ కట్టాలి. నాలుగు నెలలకి తీర్చినా, నలభై రోజులకి తీర్చినా ఆరు నెలల వడ్డీయే, అంటే 9,500. నాలుగు నెలల వాడకానికి చూస్తే ఇది ఏడాదికి 14 శాతం పైమాటే. "తొమ్మిదిన్నరే కదా" అని చెప్పే ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు.

షేర్ల మీద ఓవర్‌డ్రాఫ్ట్, 10.5 శాతం. రెండు లక్షలూ మొదటి రోజే తీస్తే నాలుగు నెలలకి వడ్డీ 7,000. ప్రాసెసింగ్ ఫీజు, షేర్ల తాకట్టుకి ప్లెడ్జ్ చార్జీలు, స్టాంపు, జీఎస్టీ కలిపి మరో 3,000 అనుకోండి. మొత్తం 10,000. అయితే ఇందులో ఒక సుఖం ఉంది. వాడుకున్న డబ్బుకే, వాడుకున్న రోజులకే వడ్డీ. మేత ఒకేసారి కొనం కదా. ముందు 80 వేలు, నెల తర్వాత 60, ఇంకో నెలకి 60 తీస్తే వడ్డీ 5,425కి దిగుతుంది.

పర్సనల్ లోన్, 14 శాతం, రెండేళ్ల గడువు. ఈఎంఐ సుమారు 9,600. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 4,720. ఇది ముందే కోసుకుంటారు కాబట్టి చేతికొచ్చేది 1,95,280. నాలుగు ఈఎంఐల్లో వడ్డీ 8,820. అప్పటికి అసలు 1,70,410 మిగులుతుంది. దాన్ని ఒకేసారి తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ 4 శాతం, జీఎస్టీతో 8,043. మొత్తం 21,583.

పర్సనల్ లోన్‌లో ఎక్కువ పోయింది వడ్డీ దగ్గర కాదని గమనించండి. లోపలికి వెళ్లేటప్పుడు ఒక గేటు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో గేటు, రెండుచోట్లా టికెట్టే. కొన్ని లోన్లలో మొదటి ఆరు నెలలో, ఏడాదో గడిచేదాకా ముందే తీర్చనివ్వరు కూడా.

## 4. చెడ్డ తేదీని లెక్కలో పెట్టండి

ఇప్పుడు వైట్ స్పాట్ వచ్చిందనుకోండి. డబ్బు పది నెలల దాకా రాదు.

పర్సనల్ లోన్ అయితే వచ్చే నెల నుంచే ఈఎంఐ మొదలు. చెరువు నెలనెలా డబ్బివ్వదు. అంటే తీసుకున్న రెండు లక్షల్లోంచే మొదటి నాలుగు ఈఎంఐలకి 38 వేలు పక్కన పెట్టాలి. మేతకి మిగిలేది లక్షా యాభై ఏడు వేలు. ఐదో నెల ఈఎంఐ బౌన్స్ అయితే బ్యాంకు చార్జీ, జరిమానా, సిబిల్ దెబ్బ మూడూ ఒకేసారి తగులుతాయి.

షేర్ల సంగతి మార్కెట్ చేతిలో ఉంటుంది. షేర్ల విలువలో సుమారు సగం దాకా ఇస్తారు. ఐదు లక్షల షేర్లకి రెండున్నర లక్షల లిమిట్. అందులో రెండు లక్షలు తీస్తే, షేర్ల విలువ నాలుగు లక్షల దాకా పడినా ఫర్వాలేదు, అంటే 20 శాతం. 25 శాతం పడి 3,75,000 అయిందనుకోండి. లిమిట్ 1,87,500కి దిగుతుంది. తేడా 12,500 కట్టమని మెసేజ్ వస్తుంది. లేదా ఇంకో పాతిక వేల విలువైన షేర్లు తాకట్టు పెట్టాలి. పెద్ద ఫైనాన్స్ కంపెనీలకి ఆర్బీఐ పెట్టిన నిబంధన ప్రకారం ఈ తేడా ఏడు పనిదినాల్లో పూడాలి. పూడకపోతే వాళ్లే షేర్లు అమ్మేస్తారు. అదీ ధర పడిపోయి ఉన్న రోజునే.

పాలసీ లోన్‌లో ఈఎంఐ లేదు, మార్కెట్ లేదు. ఆరు నెలలకోసారి వడ్డీ కట్టాలి, అసలు వీలైనప్పుడు కట్టుకోవచ్చు. వడ్డీ కట్టకపోతే అసలులో కలిసి చక్రవడ్డీ అవుతుంది. పది నెలలు సాగినా మహా అయితే పదహారు, పదిహేడు వేలు. సిబిల్ కూడా చూడరు.

మా తమ్ముడికి పాలసీ లోనే తీసుకోమని చెప్పాను. నాలుగు నెలల లెక్కలో, డబ్బు విడతలుగా తీస్తే, ఓవర్‌డ్రాఫ్ట్ చౌకే. కానీ అతని ఐదు లక్షల్లో మూడున్నర లక్షలు ఒకే కంపెనీ షేరు. ఒక్క షేరు నెలలో 20 శాతం పడటం వింతేమీ కాదు. ఇటు చెరువు, అటు షేరు, రెండూ ఒకే నెలలో తిరగబడితే రాత్రి ఏరేటర్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో మార్కెట్ చూసుకోవాలి. ఆ టెన్షన్ అక్కర్లేదు.

## 5. పాలసీ లోన్ తీసుకునే వరుస

1. పాలసీ ఏ బ్రాంచిలో ఉందో అక్కడికి వెళ్లి ఈ రోజుకి సరెండర్ వాల్యూ ఎంత, లోన్ ఎంత వస్తుంది, వడ్డీ రేటెంత, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. రేటు అన్ని పాలసీలకీ ఒకటి కాదు. రెండు పాలసీలుంటే రెండింటికీ అడగండి.

2. లోన్ దరఖాస్తు నింపండి. దానితో అసలు బాండు, ఆధార్, పాన్ జిరాక్సులు, మీ పేరున్న క్యాన్సిల్డ్ చెక్కు లేదా పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు ఇవ్వాలి. పాలసీలో పేరు, బ్యాంకులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండి డబ్బు వెనక్కి పోయిన కేసులు చూశాను.

3. బాండు వెనక పాలసీని సంస్థకి రాసిచ్చినట్టు సంతకం పెట్టాలి. దీన్నే అసైన్‌మెంట్ అంటారు. సంతకం పన్నెండేళ్ల క్రితం ప్రపోజల్ మీద పెట్టినట్టే ఉండాలి. అప్పుడు తెలుగులో పెట్టి ఇప్పుడు ఇంగ్లీషులో పెడితే ఆపుతారు.

4. బాండు ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. చాలామంది అడగరు. ఏడాది తర్వాత బాండు ఎక్కడుందని వెతుక్కునేది వీళ్లే.

5. డబ్బు నేరుగా అకౌంట్లో పడుతుంది. ఎవరి చేతికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. ఏజెంటు వెంట వస్తే టీ ఇప్పించండి, చాలు.

నామినీ గురించి ఇంట్లో ఆడవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. మా మరదలు అడిగింది, "బాండు వాళ్లకి రాసిచ్చేస్తే నా పేరు పోతుందా బావగారూ?" పోదు. బీమా చట్టం సెక్షన్ 39 ప్రకారం, పాలసీ ఇచ్చిన కంపెనీకే లోన్ కోసం రాసిస్తే నామినేషన్ రద్దవదు. ఏదైనా జరగరానిది జరిగితే లోన్, వడ్డీ పోను మిగతా సొమ్ము నామినీకే వస్తుంది.

వడ్డీ గడువు దగ్గర మాత్రం చాలామంది తికమకపడతారు. ఆరు నెలలు లెక్కపెట్టేది లోన్ తీసుకున్న రోజు నుంచి కాదు. పాలసీ మొదలైన తేదీని బట్టి ఏడాదికి రెండు గడువులుంటాయి. పాలసీ జూన్ 15న మొదలైతే గడువులు జూన్ 15, డిసెంబర్ 15. నవంబర్ చివర్లో లోన్ తీసుకుంటే మొదటి గడువు నెలలోపే వచ్చేస్తుంది. ఆ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి.

## 6. షేర్ల మీద తీసుకునేవాళ్లకి

పని అంతా ఫోన్‌లోనే అయిపోతుంది. ముందు లోన్ ఇచ్చే సంస్థ ఒప్పుకునే షేర్ల జాబితా చూడండి, మీ దగ్గరున్నవన్నీ అందులో ఉండవు. తర్వాత ఏయే షేర్లు ఎన్ని తాకట్టు పెట్టాలో ఎంచుకుంటే డీమ్యాట్ షేర్లు భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి ఓటీపీ వస్తుంది. అది కొడితే ప్లెడ్జ్ పడుతుంది. షేర్లు మీ డీమ్యాట్‌లోనే ఉంటాయి, డివిడెండ్ మీకే వస్తుంది. విడిపించేదాకా అమ్మడానికి మాత్రం వీలుకాదు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. లిమిట్‌లో 60 శాతానికి మించి తీయను. రెండున్నర లక్షల లిమిట్‌లో లక్షన్నర తీస్తే, షేర్లు 40 శాతం పడేదాకా ఎవరూ ఫోన్ చేయరు. తీసుకున్న డబ్బుతో మళ్లీ షేర్లు కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

## 7. పర్సనల్ లోన్ ఎప్పుడు సరైనది

దాన్ని మొత్తంగా తీసిపారేయను. నెల జీతం ఉండి, రెండేళ్లలో మెల్లగా తీర్చేవాళ్లకి ఫోర్‌క్లోజర్ అవసరమే రాదు, ఆ గేటు ఖర్చు ఉండదు. పాలసీ కొత్తదై సరెండర్ వాల్యూ లేనివాళ్లకి, షేర్లు లేనివాళ్లకి ఇదే దారి. ఇంకోటి, నెలనెలా ఎవరో ఒకరు కోసుకుంటే తప్ప అప్పు తీర్చని మనుషులుంటారు. వాళ్లకి ఈఎంఐయే మేలు. ఎందుకో తొమ్మిదో మెట్టులో తెలుస్తుంది.

సంతకం పెట్టేముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోన్ షరతులన్నీ ఒకచోట ఉండే కేఎఫ్‌ఎస్‌ అనే కాగితం అడగండి. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నింటికీ ఇది ఇచ్చి తీరాలి. అందులో ఇవి వెతకండి:

- ఏపీఆర్. ఫీజులన్నీ కలిపిన అసలు వడ్డీ ఇది. 14 అని చెప్పినవాళ్ల కాగితంలో 16 కనిపించవచ్చు.
- వడ్డీ ఫిక్సెడా, ఫ్లోటింగా? 2026 జనవరి 1 తర్వాత మంజూరైన ఫ్లోటింగ్ రేటు లోన్‌ని, వ్యాపారానికి కాక సొంత అవసరానికి తీసుకుని ఉంటే, ముందే తీర్చినందుకు చార్జీ వేయకూడదు. కానీ పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్సెడే.
- ఎన్ని నెలల తర్వాత పూర్తిగా తీర్చనిస్తారు, చార్జీ ఎంత?
- బీమా ప్రీమియం ఏమైనా కలిపారా?

చివరిది నా అనుభవం. ఒక లోన్‌లో ఐదు వేల చిల్లర తక్కువ పడితే అడిగాను. "ఇన్సూరెన్స్ సార్, అందరికీ ఉంటుంది" అన్నాడు కుర్రాడు. నేను టిక్కు పెట్టలేదు. ఫారంలో ముందే పెట్టి ఉంది.

## 8. తప్పు జరిగితే సరిచేసుకునే దారి

ఇప్పటికే పర్సనల్ లోన్ తీసేసుకున్నారు. కేఎఫ్‌ఎస్‌లో కూలింగ్ ఆఫ్ అని ఉందేమో చూడండి. యాప్‌లో తీసుకున్న లోన్‌కి అది ఉంటుంది. ఆ గడువులోపు వాడుకున్న రోజుల వడ్డీతో, ఉంటే ప్రాసెసింగ్ ఫీజుతో వెనక్కిచ్చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ పడదు. గడువు ఒక్క రోజే ఉండొచ్చు కాబట్టి వెంటనే చూడాలి.

పాలసీ లోన్ తీసుకుని ప్రీమియం ఆపేశారు. ఇది అన్నింటికంటే చెడ్డది. ప్రీమియం కడుతుంటే సరెండర్ వాల్యూ ఏటా పెరుగుతూ ఉంటుంది, అప్పు దాన్ని దాటడం కష్టం. ప్రీమియం ఆగితే వాల్యూ నత్తనడక, వడ్డీ పరుగు. అప్పు దాన్ని దాటితే పాలసీని మూసేసి బాకీ కింద జమ చేసుకుంటారు. చేతిలో డబ్బు వడ్డీకో ప్రీమియానికో ఒక్కదానికే ఉంటే ముందు ప్రీమియం కట్టండి.

షేర్ల మెసేజ్ వచ్చింది, చేతిలో డబ్బు లేదు. ఊరుకోవద్దు. సంస్థకి ఫోన్ చేసి, ఏ షేరు అమ్మాలో మీరే చెప్పండి. వాళ్లు ఎంచుకుంటే మీకు కావాల్సినది పోవచ్చు.

## 9. డబ్బు రాగానే తీర్చే రోజు

మా తమ్ముడి చెరువు 118 రోజులకి పట్టారు. డబ్బు పదహారు రోజులకి పడింది. అంతా కలిపి నాలుగున్నర నెలలు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఎలాగూ ఆరు నెలల వడ్డీ కట్టాలిగా. ఇంకో నెలన్నర నా దగ్గరే ఉంచుకుంటే తప్పేంటి?"

లెక్క ప్రకారం అతనిదే రైటు. ఆ నెలన్నరకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పడదు. కానీ ఆ నెలన్నరలో సీడ్ బుకింగ్ వస్తుంది, చెరువు ఎండబెట్టి దున్నించే పని వస్తుంది. పాలసీ లోన్ తీర్చమని ఎవరూ ఫోన్ చేయరు. అందుకే అది ఏళ్లతరబడి ఉండిపోతుంది. వడ్డీ కట్టకుండా వదిలేస్తే 9.5 శాతానికి ఆ రెండు లక్షలు రెండేళ్లలో 2,40,794 అవుతాయి. "రేపు పొద్దున్నే కట్టెయ్" అన్నాను.

కట్టడానికి వెళ్లినప్పుడు ఇవి చూసుకోండి:

- ఆ రోజు వరకు అసలు, వడ్డీ కలిపి ఎంతో ముందు రాయించుకోండి. వంద రూపాయలు తక్కువ కట్టినా లోన్ తెరిచే ఉంటుంది.
- మొత్తం చేతిలో లేకపోతే ఉన్నంత అసలు కింద కట్టొచ్చు. కట్టింది అసలుకి జమయిందో, వడ్డీకో రసీదులో చూడండి.
- లోన్ సున్నా అయినట్టు కాగితం తీసుకోండి.
- పాలసీని తిరిగి మీ పేర రాసి, బాండు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. బాండు ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు ఇప్పుడు పనికొస్తుంది.

మా తమ్ముడు 2,09,500 కట్టాడు. బాండు మాత్రం అడగకుండానే వచ్చేశాడు. వారం తర్వాత మా మరదలు మళ్లీ పంపించింది.